చేతిలో 15 లక్షలున్నాయి, ఖర్చు 40 లక్షలు: ఎడ్యుకేషన్ లోన్ ఎంత తీసుకోవాలి?

అమెరికాలో ఎంఎస్‌కి పంపాలనుకున్న ఇంట్లో మొదటి గొడవ యూనివర్సిటీ గురించి కాదు, డబ్బు గురించే. "ఉన్నదంతా పెట్టేద్దాం, మిగతాదానికే లోన్ తీసుకుందాం, వడ్డీ ఎందుకు దండగ" అని ఇంట్లో పెద్దాయన అంటారు. "మొత్తం లోన్ మీదే పెట్టేయండి, ఉద్యోగం వచ్చాక నేనే కట్టేస్తా" అని వెళ్ళే పిల్లలంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, ఇద్దరూ వదిలేసిన లెక్క కూడా ఒకటుంది. లోన్ డబ్బు కోర్సు అయ్యేవరకే వస్తుంది, ఈఎంఐ ఆ తర్వాత ఏడాదికి గానీ మొదలవదు. ఈ రెండింటి మధ్య, ఉద్యోగం ఇంకా రాని నెలల్లో అద్దె ఎవరు కట్టాలి? సొంత డబ్బు ఎంత పెట్టాలనేది ఈ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకుంటే తేలుతుంది.

ఒక కేసు తీసుకుందాం. ఖమ్మంలో ఒక గవర్నమెంటు టీచరు, రిటైర్మెంటుకి నాలుగేళ్ళుంది. కూతురు కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్‌కి వెళ్తోంది. రెండేళ్ళు, నాలుగు సెమిస్టర్లు, ఫీజు, ఉండటం, తినడం అన్నీ కలిపి సెమిస్టరుకి 10 లక్షలు, మొత్తం 40 లక్షలు అనుకుందాం. ఇంట్లో ఎఫ్‌డీలో 15 లక్షలున్నాయి. లోన్ ప్రభుత్వ బ్యాంకులో, వడ్డీ 10 శాతం. లెక్క తేలిగ్గా ఉండటానికి కోర్సు సరిగ్గా 24 నెలలు, ఆ తర్వాత 12 నెలలు మారటోరియం, అంటే మొదటి రూపాయి తీసుకున్న 36 నెలలకు ఈఎంఐ మొదలు.

ముందుగా ఒక మాట. ప్రభుత్వ బ్యాంకులో "మొత్తం లోన్ మీదే" అనేది మామూలుగా కుదరదు. బ్యాంకుల సంఘం ఐబీఏ తయారుచేసిన మోడల్ స్కీమ్ ప్రకారం 4 లక్షలు దాటిన లోన్‌కి మార్జిన్ ఉంటుంది, దేశంలో చదువుకైతే 5 శాతం, విదేశాలకైతే 15 శాతం. అంటే 40 లక్షల ఖర్చులో 6 లక్షలు ఎలాగూ ఇంటి నుంచే రావాలి. స్కాలర్‌షిప్ వస్తే దాన్నీ మార్జిన్‌లో లెక్కేస్తారు. కాబట్టి అసలు ప్రశ్న 6 లక్షల దగ్గర ఆగాలా, 15 లక్షలూ పెట్టేయాలా, మధ్యలో ఎక్కడైనా ఆగాలా అన్నదే.

15 లక్షలూ పెట్టేస్తే ఏమవుతుందో చూద్దాం. మొదటి సెమిస్టరు పూర్తిగా సొంత డబ్బు, రెండోదాంట్లో సగం సొంతం, సగం లోన్, మిగతా రెండూ లోన్. మొత్తం లోన్ 25 లక్షలు. వడ్డీ శాంక్షన్ అయిన మొత్తం మీద పడదు, బ్యాంకు రిలీజ్ చేసిన మొత్తం మీద, రిలీజ్ చేసిన రోజు నుంచి పడుతుంది. అందుకే సొంత డబ్బు ముందు వాడితే వడ్డీ ఆలస్యంగా మొదలవుతుంది. ప్రభుత్వ బ్యాంకులు మారటోరియంలో సాధారణ వడ్డీ వేస్తాయి కాబట్టి 36వ నెలకి పోగయ్యే వడ్డీ 4.75 లక్షలు. దాన్ని అసలులో కలిపేస్తే 29.75 లక్షలు, పదేళ్ళకి పెట్టుకుంటే ఈఎంఐ సుమారు 39,300. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. చేతిలో మాత్రం ఏమీ లేదు.

ఇప్పుడు మార్జిన్ మాత్రమే కట్టి, 34 లక్షల లోన్ తీసుకుంటే? ప్రతి సెమిస్టరుకీ ఎనిమిదిన్నర లక్షలు బ్యాంకు ఇస్తుంది. 36వ నెలకి వడ్డీ 7.65 లక్షలు, మొత్తం 41.65 లక్షలు, ఈఎంఐ 55,000. భయపెట్టే అంకె. కానీ ఎఫ్‌డీలో 9 లక్షలు అలాగే ఉన్నాయి, ఆరున్నర శాతం చొప్పున మూడేళ్ళకి పన్ను పోగా పదిన్నర లక్షల దాకా అవుతాయి. అమ్మాయికి మంచి ఉద్యోగం వచ్చేసి, ఆ డబ్బు అవసరమే పడలేదనుకోండి, ఆ రోజు మొత్తం తీసుకెళ్ళి లోన్‌లో కట్టేస్తే బాకీ 31.15 లక్షలకి దిగుతుంది. మొదటి దారిలో 29.75. తేడా 1.4 లక్షలు, అంతే. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న లోన్లకి, వ్యాపారం కోసం కానివాటికి, ముందే కట్టినందుకు పెనాల్టీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి ఇలా ముందే కట్టడానికి ఖర్చేమీ లేదు.

అంటే మూడేళ్ళపాటు 9 లక్షలు చేతిలో ఉంచుకున్నందుకు అయిన ఖర్చు 1.4 లక్షలు. 7 లక్షల 65 వేలు వడ్డీ దండగ అని ఇంట్లో అందరూ గుండెలు బాదుకునే అంకెకీ, దీనికీ చాలా దూరం ఉంది. ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీని ఎవరూ ఇటువైపు లెక్కలో వేయరు, అందుకే ఆ తేడా కనిపించదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఎఫ్‌డీలో ఉన్న డబ్బుని ఏ రోజైనా లోన్‌లో కట్టేయొచ్చు. కానీ లోన్ తగ్గించడానికి పెట్టేసిన డబ్బుని మళ్ళీ బయటికి తీయలేం. కోర్సు అయిపోయాక ఏ బ్యాంకూ "అద్దెకి ఇబ్బందిగా ఉంది" అంటే ఎడ్యుకేషన్ లోన్‌లోంచి రిలీజ్ చేయదు. ఒకవైపే తెరుచుకునే తలుపు అది.

మరి అవసరం పడుతుందా అంటే, చాలామందికి పడుతుంది, ఎప్పుడు పడుతుందో కూడా ముందే తెలుసు. ఎఫ్-1 వీసా మీద చదువు అయ్యాక అక్కడ పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు, సైన్స్, టెక్నాలజీ లాంటి స్టెమ్ డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు. ఓపీటీ మొదలయ్యే తేదీని కోర్సు అయిన 60 రోజుల లోపు పెట్టుకోవచ్చు, మొదలయ్యాక మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. రెండు నెలలు, మూడు నెలలు కలిపితే అయిదు నెలలు. అప్పటికీ ఉద్యోగం రాకపోతే తిరిగి రావాలి. వస్తే కూడా మొదటి జీతం పడటానికి కొన్ని వారాలు, కొత్త ఊరికి మారడం, అపార్ట్‌మెంట్ డిపాజిట్. నలుగురు కలిసి ఉంటే కూడా అద్దె, తిండి, ఇన్సూరెన్స్, ఫోను కలిపి నెలకి లక్ష రూపాయలకి అటూ ఇటూ అవుతుంది. ఆరు నెలలకి 6 లక్షలు.

ఆ 6 లక్షలు ఇంట్లో లేకపోతే ఏం జరుగుతుందో తెలుగువాళ్ళకి వివరించక్కర్లేదు. తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. బ్యాంకు 10 శాతాన్ని మన ఊరి లెక్కలో చెబితే నూటికి నెలకి 83 పైసలు, రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 6 లక్షలు రెండు రూపాయల చొప్పున తెస్తే నెలకి 12 వేలు వడ్డీ, ఆరు నెలలకి 72 వేలు, ఏడాదిన్నర సాగితే 2 లక్షల 16 వేలు. సాగుతుంది కూడా, ఎందుకంటే అమ్మాయి జీతం మొదలైన రోజు నుంచీ ఇల్లూ బ్యాంకూ ఊళ్ళో అప్పూ మూడూ ఒకేసారి అడుగుతాయి. 83 పైసల అప్పు తగ్గించుకోవడానికి ఉన్నదంతా పెట్టేసి, ఆనక రెండు రూపాయల అప్పు చేయడం ఎడ్యుకేషన్ లోన్ విషయంలో జరిగే అతి మామూలు తప్పు. ఎవరూ దాన్ని తప్పు అనుకోరు, "అవసరానికి తెచ్చాం" అనుకుంటారు.

అందుకే ఈ కేసులో మధ్య దారే సరైనది. 9 లక్షలు మొదటి సెమిస్టరులోనే పెట్టేసి (కట్టిన రశీదులు చూపిస్తే దాన్ని మార్జిన్ కింద లెక్కిస్తారా అని బ్రాంచిలో ముందే అడిగి పెట్టుకోవాలి), 6 లక్షలు ఎఫ్‌డీలో కదపకుండా ఉంచి, 31 లక్షలు లోన్ తీసుకోవడం. లోన్‌లో 1 లక్ష మొదటి సెమిస్టరులో, ఆ తర్వాత మూడింటికీ పదేసి. 36వ నెలకి వడ్డీ 6.3 లక్షలు, బాకీ 37.3 లక్షలు, పదేళ్ళ ఈఎంఐ 49,300, పదిహేనేళ్ళకైతే 40,100. ఆ 6 లక్షలు మూడేళ్ళకి పన్ను పోగా 7 లక్షల దాకా అవుతాయి కాబట్టి, అవసరం రాకుండా మొత్తం లోన్‌లో కట్టేస్తే 30.3 లక్షలు మిగులుతుంది. ఉన్నదంతా పెట్టేసిన దారితో పోలిస్తే 55 వేలు ఎక్కువ. రెండు రూపాయల వడ్డీకి తెచ్చుంటే ఆరు నెలల్లోనే ఇంతకంటే ఎక్కువ పోయేది.

ఎఫ్‌డీనే తాకట్టు పెట్టేస్తే మాత్రం ఈ లెక్కంతా వృథా. ఏడున్నర లక్షలు దాటిన లోన్‌కి ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి, ఎఫ్‌డీ ఇస్తామంటే బ్యాంకువాళ్ళు సంతోషంగా తీసుకుంటారు, లీగల్ ఒపీనియన్ గొడవ ఉండదు కదా. కానీ తాకట్టులో ఉన్న ఎఫ్‌డీ అవసరానికి బయటికి రాదు. ఇల్లో, అప్రూవ్డ్ లేఅవుట్‌లో ప్లాటో ఉంటే దాన్నే పెట్టాలి. లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, వాల్యుయేషను, ఇవన్నీ చూడటానికి వారాలు పడుతుంది కాబట్టి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 చేతికొచ్చాక మొదలుపెడితే ఆలస్యమే. పొలం పెడతామంటే చాలా బ్యాంకులు ఒప్పుకోవు. ప్లాటు అమ్మేసి ఫీజు కడదామనే ఆలోచన కూడా వస్తుంది. ఎలాగూ అమ్మాలనుకుంటున్న ప్లాటయితే సరే గానీ, వీసా తేదీ తరుముతుంటే అమ్మిన ప్లాటుకి మంచి ధర వచ్చిన ఇల్లు అరుదు.

శాంక్షన్ మాత్రం వాడబోయేదానికంటే ఎక్కువే చేయించుకోవాలి, ఇది చాలామంది భయపడి చేయరు. తీసుకోని డబ్బుకి వడ్డీ లేదు. పైగా శాంక్షన్ రూపాయల్లో ఉంటుంది, ఫీజు డాలర్లలో ఉంటుంది. 2025 మొదట్లో డాలరు 85, 86 రూపాయల దగ్గరుంది, అదే ఏడాది డిసెంబరులో 90 దాటింది. సెమిస్టరుకి 12 వేల డాలర్లు కట్టేవాళ్ళకి డాలరు మీద అయిదు రూపాయలు పెరిగితే 60 వేలు అదనం, అది కూడా చివరి సెమిస్టరులో, శాంక్షన్ అయిపోతున్న టైములో. అప్పుడు టాప్-అప్ కోసం మళ్ళీ బ్రాంచి చుట్టూ తిరగడం కంటే మొదట్లోనే రెండు మూడు లక్షలు ఎక్కువ రాయించుకుని, వాడకపోతే వదిలేయడం నయం.

విదేశాలకి పంపే డబ్బు మీద బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, టీసీఎస్, కూడా సొంత డబ్బుకే వర్తిస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన భాగం మీదే వేస్తున్నారు, గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ ఇచ్చిన ఎడ్యుకేషన్ లోన్ డబ్బు మీద అసలు లేదు. ఆగస్టులో 10 లక్షలు, జనవరిలో 5 లక్షలు సొంతంగా పంపితే రెండూ ఒకే ఆర్థిక సంవత్సరంలో పడతాయి కాబట్టి పైన 5 లక్షలకి టీసీఎస్ పట్టుకుంటారు. పోయే డబ్బు కాదు, రిటర్న్ వేస్తే పన్నులో సర్దుబాటవుతుంది, రేటు కూడా బడ్జెట్‌ని బట్టి మారుతుంటుంది. ఇది పెద్ద లెక్క కాదు గానీ, విదేశాలకి డబ్బు పంపే పథకమైన ఎల్ఆర్ఎస్ కింద పంపుతున్నామని బ్యాంకువాళ్ళు చెప్పినప్పుడు తెలంగాణలో లేఅవుట్ రెగ్యులరైజేషన్‌కి కట్టిన ఎల్ఆర్ఎస్ అనుకుని కంగారుపడక్కర్లేదు, అది వేరు, ఇది వేరు.

ప్రైవేటు సంస్థల లోన్ గురించి ఒక పేరా చాలు. తాకట్టు లేకుండా వారంలో శాంక్షన్ చేస్తారు, అది నిజమైన సౌకర్యమే, తాకట్టుకి ఏమీ లేని ఇంటికి వేరే దారి కూడా ఉండకపోవచ్చు. శాంక్షన్ లెటర్లో మాత్రం రెండు లైన్లు వెతికి చదవాలి. కోర్సు టైములో వడ్డీ సాధారణ వడ్డీయా, నెలనెలా అసలులో కలిసిపోయే చక్రవడ్డీయా? మారటోరియం కోర్సు తర్వాత ఏడాదా, ఆరు నెలలేనా? మన కేసులోని 31 లక్షలే, అదే తేదీల్లో, పన్నెండున్నర శాతానికి నెలనెలా కలిసే వడ్డీతో తీసుకుంటే 36వ నెలకి 37.3 కాదు, 40 లక్షలు అవుతుంది. రెండున్నర శాతమే కదా తేడా అనుకున్నది ఈఎంఐ మొదలవకముందే 2.7 లక్షలై కూర్చుంటుంది.

ఇప్పుడు కట్టడం సంగతి. కోర్సు నడుస్తున్న రెండేళ్ళలో నెలనెలా వడ్డీ కట్టాలా అన్నది మొదటి ప్రశ్న. కట్టే ఇళ్ళకి ఒక శాతం దాకా వడ్డీ తగ్గించే వెసులుబాటు ఐబీఏ స్కీమ్‌లో ఉంది, మీ బ్యాంకు ఇస్తుందా, ఇస్తే లోన్ మొత్తం కాలానికా అని రాతపూర్వకంగా అడగాలి. నాన్నగారి జీతంలోంచి కట్టగలిగితే తప్పకుండా కట్టాలి. మన కేసులో మొదట్లో వడ్డీ నెలకి వెయ్యి లోపే, రెండో సెమిస్టరు నుంచి 9 వేలు, అన్నీ రిలీజ్ అయ్యాక దాదాపు 26 వేలు. జీతంలోంచి మొదటి ఏడాది తేలిగ్గా, రెండో ఏడాది కష్టంగా కట్టొచ్చు. ఎఫ్‌డీలో దాచిన 6 లక్షలు తీసి వడ్డీ కడదాం అనుకోకూడదు, అది వేరే పనికి దాచింది.

పన్ను కోసం కూడా వడ్డీ కట్టే ఆలోచన చేస్తారు. ఆదాయపు పన్నులో 80ఈ అని పిలిచే నిబంధన కింద వడ్డీ మొత్తానికి, పరిమితి లేకుండా, మినహాయింపు ఉంది, అసలుకి లేదు. కానీ అది పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది, కొత్త విధానంలో ఉన్నవాళ్ళకి రాదు. వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్ళే, అంటే కోర్సు టైములోనే కట్టడం మొదలుపెడితే గడియారం అప్పుడే తిరగడం మొదలవుతుంది. పైగా లోన్ తీసుకున్నవాళ్ళే, తమ ఆదాయంలోంచి వడ్డీ కట్టినవాళ్ళే తీసుకోవాలి. అమ్మాయి అమెరికా జీతంలోంచి కడితే, ఇక్కడ ఆమెకి పన్ను కట్టే ఆదాయమే లేదు కాబట్టి ఆ మినహాయింపు ఎవరికీ పనికిరాదు. రిటైరైన నాన్నగారి పెన్షన్ మీద పన్నే తక్కువ పడుతుంటే లాభమూ తక్కువే. 80ఈ ఉంది కదా అని పెద్ద లోన్ తీసుకోవడం అర్థం లేని పని.

ఉద్యోగం వచ్చాక అసలు ఆట. మారటోరియం ఇంకా ఎనిమిది నెలలుంది కదా, అప్పటిదాకా కారు కొనుక్కుందాం, కొంచెం ఊపిరి పీల్చుకుందాం అనిపిస్తుంది, తప్పు కాదు. కానీ ఆ ఎనిమిది నెలలూ వడ్డీ నెలకి 26 వేల చొప్పున పోగవుతూనే ఉంటుంది. మారటోరియం ఈఎంఐకి సెలవు, వడ్డీకి కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది ప్లానింగ్‌లో చాలామంది చూడరు. ఓపీటీ, స్టెమ్ పొడిగింపు కలిపి మూడేళ్ళు. ఆ తర్వాత హెచ్-1బీ లాటరీలో పేరు వస్తే సరి, రాకపోతే లేదు. పదేళ్ళ ఈఎంఐని పదేళ్ళ డాలర్ జీతంతో కడతామని లెక్కేసుకోవడం అంటే చేతిలో లేని వీసా మీద అప్పు చేయడమే. గ్యారంటీగా లెక్కేసుకోగలిగింది ఈ మూడేళ్ళే, అందులోనూ ఉద్యోగం వెతుక్కోవడానికి పోయిన నెలలు తీసేయాలి. కాబట్టి లక్ష్యం "పదేళ్ళలో తీర్చడం" కాదు. డాలర్లు వస్తున్న రోజుల్లోనే బాకీని హైదరాబాద్ జీతంతో కట్టగలిగే స్థాయికి దించేయడం.

మన కేసులో అమ్మాయికి కోర్సు అయిన నాలుగు నెలలకి ఉద్యోగం వచ్చి, ఓపీటీలో 32 నెలలు జీతం అందిందనుకుందాం. ఈఎంఐ కంటే కొంచెం ఎక్కువగా, నెలకి 60 వేలు పంపుతుంటే, మారటోరియం నుంచే మొదలుపెట్టినా, ఆ 32 నెలల చివరికి 23.8 లక్షలు బాకీ ఉంటుంది. అదే నెలకి లక్ష, అంటే డాలరు 90 దగ్గర 1,100 డాలర్లకి కొంచెం పైన పంపితే, మిగిలేది 9.3 లక్షలు. నలభై వేల తేడాకి పధ్నాలుగున్నర లక్షల తేడా. 23.8 లక్షలు నెత్తిన పెట్టుకుని తిరిగొస్తే అది ఇల్లంతటికీ టెన్షన్, అయిదేళ్ళలో తీర్చాలంటే ఈఎంఐ 50 వేలు దాటుతుంది. 9.3 లక్షలైతే అదే అయిదేళ్ళకి ఈఎంఐ 20 వేల లోపు, ఇక్కడి జీతంతో కట్టుకోవచ్చు. రూమ్మేట్లతోనే ఇంకో రెండేళ్ళు ఉండటం, కారు పాతది కొనుక్కోవడం లాంటి నిర్ణయాలకి విలువ ఈ లెక్కలో కనిపిస్తుంది. వాడకుండా మిగిలిన ఎఫ్‌డీ ఉంటే అది కూడా ఉద్యోగం కుదురుకున్న ఆరు నెలల తర్వాత లోన్‌లో కట్టేయొచ్చు, అంతకుముందు వద్దు.

ఈఎంఐ మాత్రం పదిహేనేళ్ళకే పెట్టించుకుని, ఎక్కువ కట్టాలి. పదేళ్ళకి పెట్టుకుంటే నెలకి 49,300 తప్పనిసరి, పదిహేనేళ్ళకైతే 40,100 తప్పనిసరి, మిగతాది మన ఇష్టం. అలవాటుగా కనీసం మాత్రమే కట్టేవాళ్ళకి ఇది ప్రమాదకరమైన సలహా, పదిహేనేళ్ళూ కనీసమే కడితే పదేళ్ళతో పోలిస్తే 13 లక్షలు ఎక్కువ పోతాయి. కాబట్టి క్రమశిక్షణ మీద నమ్మకం లేనివాళ్ళు పదేళ్ళే పెట్టుకోండి. ఉద్యోగం పోయిన నెలలో మాత్రం ఆ 9 వేల తేడా చాలా పెద్దది.

ఎక్కువ కట్టినప్పుడు అది ఎక్కడికి పోతోందో స్టేట్‌మెంట్‌లో చూసుకోవాలి. కొన్ని చోట్ల అదనపు డబ్బు నేరుగా బాకీలోంచి తగ్గుతుంది, మరికొన్ని చోట్ల వచ్చే నెలల ఈఎంఐ అడ్వాన్సుగా పక్కన కూర్చుంటుంది, వడ్డీ మాత్రం పాత బాకీ మీదే పడుతుంది. కట్టిన మరుసటి నెల వడ్డీ ఎంట్రీ చూస్తే తెలిసిపోతుంది. 2 లక్షలు అదనంగా కట్టాక నెల వడ్డీ దాదాపు 1,670 రూపాయలు తగ్గాలి. తగ్గలేదంటే డబ్బు అడ్వాన్సులో ఉన్నట్టే, అప్పుడు పార్ట్ పేమెంటుగా తీసుకోమని మెయిల్ పెట్టి, టెన్యూర్ తగ్గించాలో ఈఎంఐ తగ్గించాలో కూడా అందులోనే రాయాలి. డబ్బు అమెరికా నుంచి ఎన్ఆర్ఈ ఖాతాకి పంపి, అక్కడినుంచి లోన్ ఖాతాకి ఆటోమేటిగ్గా వెళ్ళేలా పెట్టుకుంటే నెలనెలా నాన్నగారు బ్రాంచికి వెళ్ళే పని తప్పుతుంది.

లెక్క తప్పి, ఉద్యోగం రాకుండానే తిరిగి వచ్చేస్తే? 37.3 లక్షలకి పదిహేనేళ్ళ ఈఎంఐ 40 వేలు, కొత్తగా చేరిన హైదరాబాద్ ఉద్యోగంలో చేతికొచ్చేది 50 వేలు అనుకుంటే కట్టలేం, నాన్నగారి జీతమో పెన్షనో తోడైతేనే బండి నడుస్తుంది. ఈ సందర్భంలో చేయకూడని పని ఫోన్ ఎత్తకపోవడం. ఈఎంఐ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది, అమ్మాయి సిబిల్‌తో పాటు కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టిన నాన్నగారి సిబిల్ కూడా పోతుంది, ఇంటి కాగితాలు బ్యాంకులోనే ఉన్నాయి. మొదటి ఈఎంఐ తప్పకముందే బ్రాంచికి వెళ్ళి, ఉద్యోగం లేదని రాసిచ్చి, మారటోరియం పొడిగించమనో, మొదట తక్కువ ఉండి తర్వాత పెరిగే ఈఎంఐ పెట్టమనో అడగాలి. నిరుద్యోగ కాలానికి మారటోరియం ఇచ్చే వీలు ఐబీఏ మోడల్ స్కీమ్‌లో ఉంది, ఇవ్వడం ఇవ్వకపోవడం బ్యాంకు ఇష్టం, కానీ ఖాతా చెడకముందు అడిగినవాళ్ళ మాటే వింటారు. ఎఫ్‌డీలో ఏదైనా మిగిలి ఉంటే ఒక్కసారిగా లోన్‌లో పోసేయకుండా ఈఎంఐలకి వాడటం ఇక్కడ మేలు, 3 లక్షలు మిగిలినా ఏడు నెలల ఈఎంఐ.

చివరి రూపాయి కట్టిన రోజున నో డ్యూస్ సర్టిఫికెట్‌తో పాటు ఇంటి కాగితాలు కూడా అడిగి తీసుకోవాలి. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు తిరిగివ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. కాగితాలు తాకట్టు పెట్టిన రోజు బ్యాంకు ఇచ్చిన లిస్టు అప్పటిదాకా భద్రంగా ఉంచుకుంటే, ఏ లింక్ డాక్యుమెంటు రాలేదో కౌంటర్ దగ్గరే నిలబడి సరిచూసుకోవచ్చు. రిజిస్ట్రార్ ఆఫీసులో తాకట్టు నమోదై ఉంటే దాన్ని రద్దు చేయించి, కొత్తగా ఈసీ తీసి చూసుకున్నాకే ఆ ఫైలు పక్కన పెట్టండి.